చివరి పేజీ నుంచి చదివే ఫణిశ్రీ

ఫణిశ్రీకి ఏ కాగితాల కట్ట చేతికిచ్చినా అడుగునున్న కాగితం ముందు లాగుతుంది. ఇరవై ఆరేళ్ళ అలవాటు అది. రైల్వేలో, దారిలో పోయిన సామాన్ల మీద విచారణ జరిపే సెక్షన్లో సీనియర్ క్లర్కు ఆవిడ. బుట్టలో వంద మామిడిపళ్ళు బయల్దేరి ముప్పై చేరినా, కుట్టుమిషను వచ్చి దాని కాలిపలక రాకపోయినా ఆ ఫైలు ఆవిడ బల్ల మీదికి రావలసిందే. ఫైలు మొదటి నుంచి చదివితే రోజుకి రెండు కూడా తెమలవు. అందుకని ముందు ఆఖరి కాగితం చూస్తుంది. అక్కడ తేల్చిందేమిటో చూసి, బాధ్యులెవరో తెలుసుకుని, ఆ తర్వాత వెనక్కి నడిచి, సాక్ష్యం దానికి సరిపోయిందా లేదా అని సరిచూస్తుంది. ఆఫీసులో ఆవిడ కంటే వేగంగా ఫైలు తేల్చేవాళ్ళు లేరు. ఈ సంగతి సెక్షన్ పెద్దగుమాస్తా బడేబాబు నలుగురిలో చెప్పినప్పుడల్లా ఆవిడ తల వంచుకుని నవ్వేది, లోపల మాత్రం భలే గర్వంగా ఉండేది.

ఆ గర్వమే ఆవిడ కొంప ముంచింది.

ఇంగ్లీషు ఎం.ఏ. చెయ్యాలన్నది ఫణిశ్రీకి ఇరవై ఏళ్ళ వయసులో పుట్టిన కోరిక. పలాసలో బి.ఏ. అవగానే మేనత్త కొడుకు మల్లేశ్వరరావుతో పెళ్ళయింది. ఆయన గూడ్సు గార్డు. రాయపూర్ వచ్చారు, మోవాలో ఇల్లు కట్టుకున్నారు, ఆవిడకి కూడా రైల్వేలోనే ఉద్యోగం దొరికింది. కోరిక మాత్రం అరలో పెట్టిన పట్టుచీరలా అలాగే మడతల్లో ఉండిపోయింది. నలభై ఎనిమిదో ఏట దూరవిద్యలో చేరింది. అన్ని పేపర్లూ గట్టెక్కాయి. ఒక్కటి మాత్రం రెండుసార్లు పోయింది. నవలల పేపరు. రిజిస్ట్రేషను గడువు 2019 జూన్ పరీక్షతో సరి. ఈసారి కూడా పోతే మిగతా పేపర్లన్నీ కలిపి చెత్తబుట్ట పాలు. మళ్ళీ మొదటి నుంచి చేరే ఓపిక తనకి లేదని ఆవిడకి బాగా తెలుసు. ఎవరికీ చెప్పలేదు గానీ, ఈ ఒక్కటీ పోతే తన బతుకులో తన కోసం అనుకున్నదేదీ జరగలేదని అనిపిస్తుందని భయంగా ఉండేది.

దేవేంద్ర నగర్లో లహరి అని ఒక అమ్మాయి ఉండేది. బొబ్బిలి వాళ్ళ పిల్ల, పుట్టిందీ పెరిగిందీ రాయపూర్లోనే. కాలేజీలో ఇంగ్లీషు చెప్పేది. ఇరవై ఎనిమిదేళ్ళది గానీ ఎర్రపెన్ను పట్టిందంటే పెద్దా చిన్నా చూడదు. ఏప్రిల్ నెల మొదటి ఆదివారం ఫణిశ్రీ ఆ పిల్ల ఇంటికి వెళ్ళి తను రాసిన వ్యాసం చేతిలో పెట్టింది.

ప్రశ్న ఎప్పుడూ ఉండేదే. సిలబస్‌లో ఉన్న "హెరన్స్‌బీ హౌస్" అనే నవల డిటెక్టివ్ నవలల, పాత భవనాల్లో తిప్పి భయపెట్టే గోథిక్ నవలల పద్ధతులను ఎలా పాటించిందో, ఎలా తలకిందులు చేసిందో చూపించండి. కథ పెద్దదేం కాదు. చిత్తడినేలల మధ్య ఒంటరి భవనం. ముసలి దొర తన పుస్తకాల గదిలో చచ్చిపడి ఉంటాడు. తలుపు లోపలి నుంచి తాళం వేసినట్టు బిగుసుకుని ఉంటుంది. గొడ్డలితో పగలగొట్టి లోపలికి వెళతారు. తాళంచెవి ఎక్కడా కనిపించదు. ఇంట్లో ఉన్నది అయిదుగురే. వాళ్ళలో ఆస్తి కోసం కాచుకున్న మేనల్లుడు ఒకడు, ఎప్పుడూ నల్లబట్టల్లో తిరిగే ఇంటి పెత్తందారిణి ఒకావిడ, టీ తెచ్చే వంటావిడ ఒకర్తె.

లహరి మొదటి పేజీ చదివింది. రెండో పేజీ తిప్పింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

"ఆంటీ, ఇదేంటి? 'ప్రధాన బాధ్యత: ఇంటి పెత్తందారిణి. తలుపు సకాలంలో మరమ్మతు చేయించనందున. ద్వితీయ బాధ్యత: వంటావిడ. లోపాన్ని లిఖితపూర్వకంగా తెలియజేయనందున.' ఇదా వ్యాసం?"

"తప్పేముంది? ఆ తలుపు వానకి ఉబ్బి బిగుసుకుంది. ముసలాయన గుండె ఆగి చచ్చిపోయాడు. హత్యే లేదు. విచారణకొచ్చిన డిటెక్టివ్ ఊరికే మేనల్లుడి మీద నేరం పెట్టేశాడు. నేను న్యాయంగా తేల్చాను."

"తేల్చమని మిమ్మల్ని అడిగిందెవరు? పేపరు దిద్దే ఆయన ఆ నవల ఇరవైసార్లు చదివుంటాడు. ఎవరు చేశారో ఆయనకి పక్కా తెలుసు. మీకు కావలసింది నేరస్థుడు కాదు ఆంటీ. ఆ నవల చదివేవాడిని ఏమని నమ్మించింది, నమ్మించాక ఏం చేసింది, అది."

ఫణిశ్రీ ముఖం ముడుచుకుంది. బడేబాబు ఏనాడూ ఆవిడ రిపోర్టు మీద ఎర్రగీత గీయలేదు. అయినా తప్పదు కాబట్టి ఇంటికెళ్ళి వారం రోజులు కూర్చుని మళ్ళీ రాసింది. ఈసారి పద్ధతిగా రాశాననుకుంది. కాగితం మధ్యలో గీత కొట్టి ఎడమవైపు పాటించినవి, కుడివైపు తలకిందులు చేసినవి. ఒంటరి భవనం, పాటించారు. తాళం వేసిన గది, పాటించారు. అనుమానితులందరినీ హాల్లో కూర్చోబెట్టి డిటెక్టివ్ చెప్పడం, పాటించారు, కానీ అతను చెప్పింది తప్పు, కనుక కుడివైపు కూడా రాయాలి. మొత్తం ఏడూ ఏడూ పద్నాలుగు.

లహరి ఈసారి నవ్వలేదు. అది ఇంకా చెడ్డ సంగతి.

"ఇది జాబితా ఆంటీ, వ్యాసం కాదు. ఈ రెండు వైపులకీ మధ్య ఏముంది? పాటించడం, తలకిందులు చెయ్యడం వేరువేరు పనులు కావు. ముందు నమ్మకంగా పాటిస్తేనే తర్వాత తిప్పడానికి వీలవుతుంది. హాల్లో అందరూ కూర్చున్నారు, డిటెక్టివ్ లేచి నిలబడ్డాడు, ఇక నిజం బయటపడుతుందని మీరు గుండె బిగబట్టుకోవాలి. అప్పుడు కదా అతను తప్పు చెబితే దెబ్బ తగిలేది. చదువుతుంటే మీకలా అనిపించలేదా?"

"లేదు."

"మత్లబ్, అంటే ఎక్కడా? డిటెక్టివ్ తెలివైనవాడని కూడా అనుకోలేదా?"

"ఎందుకనుకుంటాను? వాడు తప్పు చెప్తాడని నాకు ముందే తెలుసుగా."

లహరి పెన్ను బల్ల మీద పెట్టి, ముందే ఎలా తెలుసని అడిగింది. ఫణిశ్రీ అదేదో అందరూ చేసే పనే అన్నట్టు చెప్పేసింది, పుస్తకం కొన్న రోజే ఆఖరి అధ్యాయం చదివానని. ఆఖరి పేజీలో మళ్ళీ వానాకాలం వస్తుంది. వంటావిడ టీ పళ్ళెం పట్టుకుని అదే గదికి వస్తుంది. తలుపు బిగుసుకుని ఉంటే మోకాలితో కింద ఒక తన్ను, భుజంతో పైకి ఒక ఎత్తు, తెరుచుకుంటుంది. అంతే, నవల అయిపోతుంది. అది చదివాక ఫణిశ్రీ మొదటికి వెళ్ళి, మూడు వందల పేజీలూ సాక్ష్యం సరిచూసుకుంటూ వచ్చింది.

లహరి కాగితాలు మడిచి ఆవిడకి తిరిగి ఇచ్చేసింది. "రెండుసార్లు ఎందుకు పోయిందో ఇప్పుడు తెలిసింది" అంది. "మీరా నవల చదవనే లేదు ఆంటీ. తనిఖీ చేశారు. మోసపోవలసిన చోట మోసపోలేదు. ఇప్పుడు మళ్ళీ చదివినా లాభం లేదు, తెలిసినదాన్ని తెలియనట్టు చెయ్యలేరుగా. ఒక పని చెయ్యండి. కథ తెలియని మనిషికి మొదటి నుంచి వరసగా చెప్పండి. ఏ అధ్యాయం దగ్గర వాళ్ళేమనుకుంటున్నారో రాసుకోండి. ఎందుకనుకున్నారో, ఏ వాక్యం విని అనుకున్నారో, అది కూడా."

ఆటోలో మోవా చేరేదాకా ఫణిశ్రీకి తల కొట్టేసినట్టుగా ఉంది. తనకి గొప్ప పేరు తెచ్చిన అలవాటే తన పరీక్ష పోగొట్టిందంటే ఎవరికి మాత్రం మింగుడుపడుతుంది?

మొదట మొగుడి మీద ప్రయోగించింది. మల్లేశ్వరరావు డ్యూటీ దిగి వచ్చి, భోజనం చేసి, చిత్తడినేలలూ పొగమంచూ వినగానే హాయిగా గురక పెట్టాడు. గోథిక్ వాతావరణం ఆయనకి జోలపాటలా పనిచేసింది. ఇక ఇంట్లో మిగిలింది అత్తగారు తాయారమ్మ. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఒక్క అక్షరం రాదు, వేలిముద్రే. కానీ టీవీలో ఏ సీరియల్లో ఎవరు విషం కలుపుతారో రెండు వారాల ముందే చెప్పగలనని ఆవిడకి గట్టి నమ్మకం. కోడలు చదువుకుంటుంటే అత్తగారు సాధించాలని ఒక పద్ధతి ఉంది కదా, ఈవిడ దాన్ని పాటించలేదు. "కథా? బేగి చెప్పు" అని మంచం మీద సర్దుకుని కూర్చుంది.

మరుసటి రోజు సాయంత్రం నుంచి మొదలయింది. ఆఫీసు నుంచి రాగానే టీ తాగి, కూలరు ముందు కూర్చుని, ఫణిశ్రీ ఒక్కో అధ్యాయం తెలుగులో చెప్పేది. ఒళ్ళో నోటుబుక్కు.

మొదటి అధ్యాయం సగంలోనే తాయారమ్మ తీర్పిచ్చేసింది. "ఆ నల్లచీరావిడే చంపింది."

"చీర కాదు అత్తా, గౌను. ఎందుకలా అనుకున్నావు?"

"నవ్వలేదు కదే. ఒక్కసారైనా నవ్విందని చెప్పావా? చప్పుడు కాకుండా నడుస్తాది, అందరి కంటే ముందే గుమ్మంలో నిలబడి ఉంటాది. అలాటివాళ్ళని నేను చూడలేదేటి?"

ఫణిశ్రీ రాసుకుంది. పుస్తకం తెరిచి చూస్తే నిజంగానే ఆ వాక్యం ఉంది. ఆవిడ అడుగుల చప్పుడు ఎవరూ ఎన్నడూ వినలేదు, అని. తను దాని మీదుగా మూడుసార్లు నడిచింది, ఒక్కసారీ కాలికి తగల్లేదు.

నాలుగో అధ్యాయంలో, తాళం వేసి ఉంచిన పడమటి భాగంలో రాత్రిళ్ళు దీపం కనిపిస్తుంది. తాయారమ్మ కాళ్ళు పైకి ముడుచుకుంది. "దొరగారి మొదటి పెళ్ళాం. చచ్చిపోయిందని అందరికీ చెప్పి అక్కడ దాచాడు. లేకపోతే చచ్చే ఉంటాది, దెయ్యమై తిరుగుతాది." ఆ రెండు మాటల్లో వందేళ్ళ గోథిక్ నవలల పద్ధతంతా చెప్పేసిందని ఆవిడకి తెలియదు. ఆరో అధ్యాయంలో తేలింది. నల్లగౌను పెత్తందారిణే అక్కడికి వెళ్ళి, ఎవరూ చూడకుండా జామ్ సీసా ముందు పెట్టుకుని చవకబారు ప్రేమనవలలు చదువుకుంటుంది. తాయారమ్మ ముందు తెల్లబోయింది, తర్వాత పళ్ళు లేని నోటితో పగలబడి నవ్వింది, ఆ తర్వాత కోపం తెచ్చుకుంది. "దెయ్యం అని ఊరించి జామ్ చూపిస్తాడా?"

ఊరించి చూపిస్తాడు. ఫణిశ్రీ ఆ మాట కింద రెండు గీతలు గీసింది.

అలా పదిహేను రోజులు. తాయారమ్మ అందరినీ వరసగా అనుమానించింది. మేనల్లుడిని, డాక్టరుని, ఆఖరికి చచ్చిపోయిన దొరని కూడా. డిటెక్టివ్‌ని మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు. అతను భూతద్దం తియ్యగానే "వచ్చాడు నాయన" అని చేతులు జోడించింది. అతను తాళంచెవి కోసం చెరువు తోడిస్తుంటే తనూ ముందుకు వంగి కూర్చుంది. చెవి ఎక్కడుందో తేలితే హంతకుడు దొరికినట్టేనంది. ఫణిశ్రీ మొదట్లో నోటుబుక్కు కోసం విన్నది, తర్వాత ఆవిడ ముఖం కోసం వినసాగింది. ఆఫీసులో ఫైలు తేలుస్తుంటే ఎన్నడూ కలగని ఆనందం, ఇంకొక మనిషి మోసపోతుంటే చూడడంలో కలిగింది. తను పోగొట్టుకున్నదేమిటో కూడా అప్పుడే తెలిసింది. కొంచెం అసూయ పడింది.

హాలు ఘట్టం చెప్పిన రోజు డిటెక్టివ్ గొప్పగా, అంచెలంచెలుగా, మేనల్లుడే హంతకుడని రుజువు చేశాడు. మేనల్లుడు కిటికీలోంచి దూకి రైలెక్కి పారిపోయాడు. తాయారమ్మ తృప్తిగా నిట్టూర్చి, కాళ్ళు కిందికి దించింది. "నేను చెప్పలేదేటి? చోర్ వాడే. బస్, అయిపోయింది."

"ఇంకొక్క పేజీ ఉంది అత్తా."

ఫణిశ్రీ ఆఖరి పేజీ చెప్పింది. వాన, వంటావిడ, టీ పళ్ళెం, మోకాలు, భుజం, తెరుచుకున్న తలుపు.

తాయారమ్మ దించిన కాళ్ళు మళ్ళీ మంచం మీదికి తీసుకుంది. "అయితే తాళం వెయ్యలేదా?" అంది. "మరి ఎవరూ చంపలేదా? ఆ కుర్రాడు ఊరికినే పారిపోయాడా?" అన్నీ అవునని చెప్పాక ఆవిడకి ఒళ్ళు మండింది. ఆ రాసినవాడిని తిట్టింది, అలాటి పుస్తకాలు పరీక్షకి పెట్టినవాళ్ళని తిట్టింది. "తలుపు సంగతి ముందే చెప్పి ఏడవొచ్చు కదే. ఇలా దాచడం అన్యాయం."

"దాచలేదు. చెప్పాడు." ఫణిశ్రీ మూడో అధ్యాయం తిప్పింది. వంటావిడ డిటెక్టివ్‌కి టీ ఇస్తూ అంటుంది, ఆ తలుపు వానాకాలంలో మొండికేస్తుందయ్యా అని. ఆయన థాంక్స్ చెప్పి కప్పు అందుకుంటాడు. "నీకు కూడా చెప్పాను అత్తా. ఏమన్నావో రాసి పెట్టాను." నోటుబుక్కు తీసి చదివింది. "'వంటావిడ కబుర్లకేటి గానీ, ముందుకెళ్ళు.'"

తాయారమ్మ తిట్లు ఆగిపోయాయి. పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. పలాస రైల్వే క్వార్టర్లలో పదిమందికి ముప్పై ఏళ్ళు వండి పెట్టిన మనిషి ఆవిడ. తన మాట ఎంతమంది వినకుండా కప్పు అందుకుని వెళ్ళిపోయారో ఆవిడకే తెలియాలి.

"ఆవిడ చెప్పింది కదే" అంది చివరికి. "నేను కూడా వినలేదు."

ఫణిశ్రీ ఆ మాట కూడా నోటుబుక్కులో రాసుకుంది. రెండేళ్ళుగా వెతుకుతున్న వ్యాసం అదే. నవల డిటెక్టివ్ కథ నియమాన్ని అక్షరాలా పాటించింది. ఆధారం దాచలేదు, చదివేవాడి కళ్ళెదుటే పెట్టింది. కానీ దాన్ని వంటావిడ నోట పెట్టింది. అలాటి కథల్లో వంటావిడల మాట లెక్కలోకి రాదని చదివేవాడికి అలవాటు కాబట్టి, డిటెక్టివ్‌తో పాటు చదివేవాడూ ఆ మాట దాటేసి వెళ్ళిపోతాడు. ఆఖరి పేజీలో ఓడిపోయేది డిటెక్టివ్ ఒక్కడే కాదు. తలకిందులైంది కథ కాదు, దాన్ని మనం చదివే తీరు. ఇదంతా ఆఖరి పేజీ ముందు చదివినవాళ్ళకి ఏ జన్మకీ తెలియదు.

ఆ ఆదివారం లహరి మూడో వ్యాసం చదివి, ఎర్రపెన్ను మూత తియ్యకుండానే పక్కన పెట్టింది. రెండు సలహాలు మాత్రం ఇచ్చింది. ఈ వాదన మొదటి పేరాలోనే చెప్పెయ్యండి, ఇక్కడ మాత్రం ఆఖరిది ముందు రావాలి, అంది. ఒక్కో పద్ధతికీ పుస్తకంలోంచి చిన్న వాక్యం చూపించండి, కథ మాత్రం చెప్పకండి, అంది.

జూన్ రెండో వారంలో పరీక్ష. బయట నలభై మూడు డిగ్రీలు, లోపల ఇరవైమందికొక ఫ్యాను. ప్రశ్న అదే వచ్చింది. ఫణిశ్రీ చేతులు చెమట పట్టి పెన్ను జారిపోతుంటే చీర కుచ్చిళ్ళకి తుడుచుకుని రాసింది. పెత్తందారిణి గురించి రాసేటప్పుడు, ఆవిడ అడుగుల చప్పుడు వినపడదన్న వాక్యం ఎత్తి రాసి, పాఠకుడు ఇక్కడ ఆమెను అనుమానిస్తాడు, అంది. దీపం దగ్గర, పాఠకుడు దాచిపెట్టిన భార్య కోసమో దెయ్యం కోసమో ఎదురుచూస్తాడు, అంది. ప్రతి వాక్యం రాస్తున్నప్పుడూ మంచం మీద కాళ్ళు ముడుచుకున్న మనిషే కళ్ళముందు కనిపించింది. ఆఖరి పేరాలో, పాఠకుడు కూడా వంటావిడ మాట వినలేదు, అని రాసి కాగితాలు కట్టి ఇచ్చేసింది. నేరం చేసిందెవరో ఎక్కడా తేల్చలేదు.

ఆగస్టులో ఫలితాలొచ్చాయి. నవలల పేపరులో అరవై ఒకటి. మొత్తం మీద సెకండ్ క్లాసు. ఫణిశ్రీ వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని బయటికొచ్చింది. మల్లేశ్వరరావు స్వీట్లు తేవడానికి స్కూటరు తీశాడు. మార్కుల కాగితం ఇంటికి చేరిన రోజు తాయారమ్మ దాన్ని అడిగి తీసుకుని, కళ్ళకి దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది.

"మరి ఆ పరీక్షలో నా సంగతి ఏటైనా రాశావా?"

"అంతా నీ సంగతే అత్తా. నువ్వు ఎవరిని అనుమానించావో, ఎక్కడ భయపడ్డావో, ఏం వినలేదో, అన్నీ."

"నా పేరు రాశావేటి?" అంది కంగారుగా.

"పేరు రాయలేదు. పాఠకుడు అని రాశాను."

"పాఠకుడంటే?"

"చదివేవాడు. పుస్తకం చదివే మనిషి."

తాయారమ్మ కోడలి ముఖంలోకి చూసింది, వేళాకోళం చేస్తోందేమోనని. చెయ్యడం లేదు. ఆవిడ కాగితం మళ్ళీ ఒకసారి పైనుంచి కిందిదాకా, నిదానంగా, వేలు పెట్టి నడిపించుకుంటూ చూసింది. తర్వాత నాలుగు మడతలు పెట్టబోయి, పాడవుతుందని ఆగి, చాపినట్టే ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే ఇందులో సగం నాది" అంది.

ఫణిశ్రీ కాదనలేదు. ఆ సాయంత్రం దాకా కాగితం ఆవిడ ఒళ్ళోనే ఉంచింది.